కర్సర్‌ను మధ్యలో పెట్టడం నేర్చుకున్నాక: పద్నాలుగు నెలల ఉచిత కీవర్డ్ వేట

మిద్దె తోట మీద, అందులోనూ కుండీల్లో పెంచే కూర మొక్కల మీద తెలుగులో ఒక చిన్న సైటు నడుపుతున్నాను. డొమైనూ హోస్టింగూ కలిపి ఏడాదికి మూడు వేల లోపే. పేరున్న కీవర్డ్ టూళ్లలో చాలావాటి నెల చందానే దాన్ని మించుతుంది కాబట్టి వాటి జోలికి పోలేదు. గూగుల్ పెట్టెలో టైపు చేస్తుంటే కింద రాలే సూచనలు, కీవర్డ్ ప్లానర్, ట్రెండ్స్, సెర్చ్ కన్సోల్ — ఈ నాలుగింటితోనే లాక్కొస్తున్నాను. ఇవి ఏమిటో తెలియనివాళ్లు ఇంత దూరం రారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

నన్ను బుట్టలో వేసింది సూచనల పెట్టెలోని ఒక చిన్న సంగతి. కర్సర్ ఎక్కడుందో కూడా అది చూస్తుంది.

ఇంగ్లీషు పాఠాలన్నీ ఒకటే చెబుతాయి: మీ పదానికి ముందు ప్రశ్నపదం పెట్టండి, తర్వాత ఏ నుంచి జెడ్ దాకా ఒక్కో అక్షరం కొట్టండి. మొదటి నెలంతా అలాగే చేశాను. `ela karivepaku` అని కొడితే ఏం వస్తుంది? ఏమీ రాదు. మనం అలా అడగం మరి. మన ‘ఎలా’, ‘ఎందుకు’ క్రియ పక్కన, వాక్యం చివర్లో కూర్చుంటాయి. అడిగేవాడి అసలు బాధ వాక్యం నడుమ ఉంటుంది. ఒకరోజు `karivepaku mokka penchadam ela` అని మొత్తం కొట్టేసి, కర్సర్‌ను వెనక్కి తెచ్చి `mokka` తర్వాత పెట్టి, ఒక స్పేసు కొట్టి `k` నొక్కాను. ‘kundilo’ వచ్చింది. `v` నొక్కితే ‘vittanala nundi’. కాసేపు కుర్చీలోంచి లేవలేదు. తల, తోక ఉంచేసి నడుమ మాత్రం మార్చుకుంటూ పోతే, ఒక్క కరివేపాకు మీదే సాయంత్రానికి నలభైకి పైగా ప్రశ్నలు పోగయ్యాయి.

రెండో ఆనందం లిపిది. ఒకే ప్రశ్నను మనవాళ్లు మూడు రకాలుగా కొడతారు: తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఒకటి, పూర్తి ఇంగ్లీషులో కొట్టి చివర `in telugu` తగిలించేది మరొకటి. సూచనల పెట్టె ఈ మూడింటినీ మూడు ఊళ్లలా చూస్తుంది. తెలుగు లిపిలో ‘కరివేపాకు’ కొడితే ముందు పొడి, పచ్చడి, జుట్టుకు ఉపయోగాలు. `curry leaves plant` అని మొదలుపెట్టి `in telugu` తో ముగిస్తే ఎరువులు, కుండీ మార్చడం. `karivepaku chettu` అంటే మాత్రం సగం వాస్తు: ఇంట్లో ఉండొచ్చా, ఏ దిక్కున, గుమ్మం ముందు వేయొచ్చా. ‘మొక్క’ అన్నవాడు పెంచుకునేవాడు, ‘చెట్టు’ అన్నవాడు వాస్తు భయం ఉన్నవాడు అని అప్పట్లో ఒక సిద్ధాంతం కూడా చేసేశాను. తర్వాత అది పూర్తిగా నిలబడలేదనుకోండి. పురుగు పట్టినప్పుడు అందరూ ‘చెట్టు’ అనే అంటారు.

ఇక నేను బోర్లా పడ్డ కథ.

మొదటి వేసవిలో పుల్లమజ్జిగ గురించి తెగ వెతికాను. కరివేపాకుకు పుల్లటి మజ్జిగ పోయడం మన ఇళ్లలో పాత అలవాటే. ఎన్ని రోజులకోసారి, ఎంత నీళ్లు కలిపి, చిన్న మొక్కకు పోయొచ్చా అని ప్రతి కోణం నుంచీ కొట్టి చూశాను. రెండు వారాలకు పెట్టె నేను అనుకున్నవే సూచించడం మొదలెట్టింది. ‘కుండీలో కరివేపాకుకు పుల్లమజ్జిగ ఎన్ని రోజులకు’ అన్నంత పొడుగు వాక్యం నాలుగక్షరాలకే ప్రత్యక్షం! జనం ఇంత వివరంగా అడుగుతున్నారంటే పోటీలేని బంగారమే అనుకున్నాను. మజ్జిగ మీద, దాని చుట్టుపక్కల పదకొండు వ్యాసాలు రాశాను. కొలతల కోసం మేడ మీద రెండు కుండీలు పక్కపక్కన పెట్టి మరీ.

రెండున్నర నెలల తర్వాత సెర్చ్ కన్సోల్ తెరిస్తే ఆ పదకొండిట్లో తొమ్మిదింటికి ఇంప్రెషన్లు సున్నా. పేజీలు ఇండెక్స్ అయ్యాయి, తప్పేం లేదు. వాటిని అడిగినవాళ్లే లేరు.

ఖమ్మంలో ఉన్న చెల్లికి ఫోన్ చేసి, నీ ఫోన్లో ఇదిగో ఈ నాలుగక్షరాలు కొట్టు, కింద ఏమొస్తుందో చదువు అన్నాను.

“కరివేపాకు పొడి… కరివేపాకు రైస్… కరివేపాకు కారం.”

“మజ్జిగ రావట్లేదా?”

“మజ్జిగా? లేదన్నా. నీకు వస్తోందా?”

నాకు వస్తోంది. ఆ వరస పక్కన భూతద్దం బొమ్మ కాకుండా చిన్న గడియారం బొమ్మ ఉంది. గడియారం అంటే అది నేను ఇంతకుముందు వెతికినదని. లాగిన్ అయి ఉన్న నా ఖాతా నా పాత వెతుకులాటనే నాకు తిరిగి వడ్డించింది. బావిలోకి కేకేసి, లోపలెవరో ఉన్నారనుకున్నాను. అందులో గూగుల్ దాచిందేమీ లేదు, బొమ్మ మొదటిరోజు నుంచీ అక్కడే ఉంది. చూడనివాణ్ణి నేను.

అప్పట్నుంచి మామూలు బ్రౌజర్లో సూచనలు చూడటం మానేశాను. ప్రైవేటు విండో తెరిచి ఈ చిరునామా కొడతాను:

```
https://suggestqueries.google.com/complete/search?client=firefox&hl=te&gl=in&q=karivepaku+mokka
```

`q=` తర్వాతి మాటలు మార్చుకుంటే చాలు. ఖాతా ఊసు లేకుండా, భాష తెలుగు, దేశం ఇండియా అని చెప్పి అడుగుతున్నాం. జవాబు ఒక చిన్న జాబితాగా వస్తుంది, కొన్ని బ్రౌజర్లలో ఫైలుగా దిగుతుంది. ఇది గూగుల్ అధికారికంగా ఇచ్చే సేవ కాదు, ఎప్పుడైనా ఆగిపోవచ్చు. గబగబా వందలసార్లు అడిగితే దారి మూసేస్తారు. నేను రోజుకు ఇరవై ముప్ఫై దాటను. పైన అంత మురిసిపోయిన కర్సర్ విద్య ఈ చిరునామాతో కుదరదు, దానికి మళ్లీ ప్రైవేటు విండోలో గూగుల్ పేజీకే పోవాలి. ఫోన్లో కర్సర్‌ను నడుమ నిలబెట్టడం నా వేళ్లకైతే నరకం.

దెబ్బ తిన్నాక తెలిసినది ఇంకొకటి ఉంది. సూచన వచ్చిందంటే చాలావరకు ఎవరో అడిగారనే, ఎంతమంది అన్నది అది చెప్పదు. పై నుంచి కింది వరస కూడా సంఖ్యల వరస కాదు. అంకెల కోసం కీవర్డ్ ప్లానర్‌కు పోతే, ప్రకటనలకు డబ్బు పెట్టని నాలాంటివాడికి 10–100, 100–1K, 1K–10K అని గంపల్లో పోసి ఇస్తుంది. వందా వెయ్యీ మధ్య ఎంత తేడా! పక్కనే ‘కాంపిటీషన్: లో’ అని కనబడితే చాలాకాలం సంబరపడ్డాను. అది ప్రకటనదారుల పోటీ, వ్యాసాల పోటీ కాదు. పైగా తెలుగు ప్రశ్నల్లో ఎక్కువవాటికి అంకె బదులు గీతే వస్తుంది. ట్రెండ్స్‌ను నేను రుతువు చూడటానికే వాడుతున్నాను. అది ఇచ్చే 0–100 అసలు సంఖ్య కాదు, ఆ కాలంలోని అత్యధికాన్ని వందగా పెట్టుకున్న కొలత. తక్కువమంది అడిగే ప్రశ్న కొడితే డేటా చాలదంటుంది.

కాబట్టి నా వడపోత ఇప్పుడు కళ్లతోనే. సూచనను కొట్టి మొదటి పేజీ చూస్తాను. పైనుంచి కిందికి అన్నీ వీడియోలే అయితే వదిలేస్తాను. అంటు కట్టడం, కుండీ మార్చడం చేసి చూపించాల్సిన పనులు, వాటి కోసం నా పేరాలు ఎవరు చదువుతారు? అడిగిన ప్రశ్నకు కాక ఇంకేదో దానికి జవాబిచ్చే పేజీలు రెండైనా పైన ఉంటే, అప్పుడు రాస్తాను. `allintitle:` తో లెక్కపెట్టే పద్ధతి కూడా ప్రయత్నించాను. ఇంగ్లీషు అక్షరాల తెలుగుకు అది మోసం. అలా శీర్షిక పెట్టేవాళ్లు తక్కువ కాబట్టి ఎప్పుడూ నాలుగైదే చూపిస్తుంది, పోటీ లేనట్టే ఉంటుంది. అదే ప్రశ్నకు తెలుగు లిపి పేజీలూ వీడియోలూ వచ్చి పైన కూర్చుంటాయి.

ఇంత చెప్పాక ఒప్పుకోవాల్సింది ఏమిటంటే, నాకు నిజంగా అన్నం పెట్టింది సూచనల పెట్టె కాదు, సెర్చ్ కన్సోలే. కాకపోతే అందులో ఏదైనా కనబడాలంటే ముందు పాతికో ముప్ఫయ్యో వ్యాసాలు ఉండాలి. వాటిని రాయించింది మాత్రం పెట్టే.

‘పిండినల్లి నివారణ’ అని ఒక వ్యాసం రాశాను. వ్యవసాయ పుస్తకాల్లో పేరు అదే, ప్లానర్‌లోనూ దానికి ఒక గంప ఉంది. మూడు నెలలు కదల్లేదు. అప్పుడు కన్సోల్లో క్వెరీల వడపోతకు, కస్టమ్ రీజెక్స్ ఎంచుకుని ఇది పెట్టాను:

```
purugu|tella|పురుగు|తెల్ల
```

`karivepaku chettuki tella purugu`, `tella bujulaga`, ‘ఆకుల వెనక తెల్లగా దూది’ — ఇలాంటివి ఓ తొమ్మిది. ఒక్కోదానికి నాలుగు, ఆరు ఇంప్రెషన్లు, స్థానం ఇరవై దాటి. ఇవేవీ ఏ సూచనలోనూ నాకు కనబడలేదు. మేడ మీద మొక్క చూసుకునే మనిషికి అది పిండినల్లి అని తెలిస్తే ఇక వెతికే పనేముంది? శీర్షికను ‘కరివేపాకు చెట్టుకు తెల్ల పురుగు, దూదిలా పట్టిందా?’ అని మార్చాను. మొదటి పేరాలో పిండినల్లి అన్న పేరు ఉంచి, వేపనూనె, సబ్బునీళ్ల కొలతను పైకి తెచ్చాను. ఐదారు వారాల్లో ఆ ప్రశ్నలకు ఏడూ ఎనిమిదీ స్థానాల్లో నిలబడింది. ఇప్పుడు సైటుకు వచ్చేవాళ్లలో దాదాపు ఐదోవంతు ఈ ఒక్క పేజీకే. అయితే చాలా అరుదైన ప్రశ్నలను కన్సోల్ గోప్యత కోసం చూపించదు, కనక ఆ తొమ్మిది వెనక ఇంకెన్ని ఉన్నాయో నాకు కనిపించదు.

మీకూ ఇది పనిచేస్తుందా అంటే గట్టిగా చెప్పలేను. నాకు ఉద్యోగం వేరే ఉంది, సైటు మీద ఇల్లు నడవక్కర్లేదు, సాయంత్రాలు ఖాళీ. తెలుగులో ఈ విషయం మీద రాసేవాళ్లు తక్కువ. ఇంగ్లీషులో మిక్సీల సమీక్షలు రాసే సైటు పెట్టి ఉంటే, ఈ నాలుగు ఉచిత టూళ్లతో మూడో నెలలోనే మూసేసేవాణ్ణేమో. ఎవరి పేజీకి ఎన్ని లింకులున్నాయో అన్న లెక్క వీటిలో దేనిలోనూ లేదు, అక్కడ అదే ముఖ్యం. వచ్చే శీతాకాలం ముందు ఒక నెలకు మాత్రం డబ్బులు కట్టి, ఒక పెద్ద టూల్లో నా జాబితా మొత్తం ఒకసారి దులిపి చూద్దామని ఉంది. తెలుగు ప్రశ్నలకు అందులోనూ గీతలే వస్తే ఆ డబ్బు నీళ్లపాలు, అందుకే వెనకాడుతున్నాను.

ఆ వాస్తు ప్రశ్నలు మాత్రం నేటికీ జాబితాలో పైనే ఉన్నాయి. చెల్లి ఫోన్లోనూ వస్తున్నాయి, గడియారం బొమ్మ లేకుండా. అన్నీ చూసి మా ఆవిడ “జనం అడిగేది అదైతే అదే రాయొచ్చుగా” అంటోంది. గుమ్మం ముందు కరివేపాకు వేస్తే ఏమవుతుందో నాకు తెలియదు. మా గుమ్మం ముందైతే ఎండ చాలక ఎదగలేదు. అదే రాద్దామా అని ఆలోచిస్తున్నాను.