రక్త క్యాన్సర్ అక్యూటా, క్రానికా: ఏ అంకె చూడాలి?

"మా బాబాయికి తెల్లకణాలు లక్షన్నర, పక్క బెడ్ అబ్బాయికి 8 వేలే. మరి ఆ అబ్బాయికే అంత హడావిడి ఎందుకు?" నెల్లూరు నుంచి చెన్నై ఆసుపత్రికి వచ్చినవాళ్ల సందేహం సబబే. ఇద్దరిదీ లుకేమియా అనే రక్త క్యాన్సరే, కానీ అబ్బాయిది అక్యూట్, బాబాయిది క్రానిక్. మొత్తం కౌంట్ కన్నా బ్లాస్టుల శాతం చూడండి.

బ్లాస్టులంటే ఎదగని కణాలు. అక్యూట్‌లో ఇవి మూలుగలో సాధారణంగా 20 శాతం దాటి, మంచి రక్తం తయారీకి చోటివ్వవు. వారాల్లోనే జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం మొదలవుతాయి. అందుకే చికిత్సకు ఆలస్యం చేయరు. అయినా నయమయ్యేవాళ్లు ఉన్నారు.

క్రానిక్‌లో కణాలు చాలావరకు ఎదుగుతాయి, జబ్బు నెమ్మదిగా నడుస్తుంది. బాబాయిది సీఎంఎల్ అనే క్రానిక్ రకం, బ్లాస్టులు 2 శాతమే, ఇంట్లోనే రోజూ ఇమాటినిబ్ మాత్ర. బాగానే ఉంది కదా అని సొంతంగా మానేస్తే మాత్రం అదీ అక్యూట్‌గా మారొచ్చు.