పలకరింపు ఆగింది: ఫలితాల దిగులా, మన మీద కోపమా?

రీడింగ్ రూమ్‌లో రోజూ "టిఫినైందా అన్నా" అనే తమ్ముడు హఠాత్తుగా తల తిప్పుకుంటున్నాడు. దిగులైతే ఆ మౌనం అందరితోనూ ఉంటుంది. టీకి రాడు, పక్కవాళ్లనూ పలకరించడు. గ్రూప్స్ ఫలితాలొచ్చిన వారంలో ఇది మామూలే. మార్కులు అడుగుతారేమోనని పరిచయం ఉన్నవాళ్లనే ముందు తప్పించుకుంటారు. నా లెక్కలో ఎక్కువసార్లు ఇదే.

కోపమైతే మన ఒక్కరితోనే. వాచ్‌మన్‌తో నవ్వుతూ మాట్లాడి, మనం రాగానే ఫోన్‌లో తల దూరుస్తాడు. ఆ ముందురోజు గుర్తు తెచ్చుకోండి: అతని సీట్లో బ్యాగు పెట్టామా, నలుగురిలో "ఎన్నొచ్చాయ్" అన్నామా?

తేల్చుకోవాలంటే బల్ల దగ్గర వద్దు. బయట టీ బండి దగ్గర, ఫలితాల ఊసెత్తకుండా మనమే ముందు పలకరించాలి. ముక్తసరిగానైనా జవాబిస్తే వదిలేయండి. చూసి కూడా పలకకపోతే "నా వల్ల ఇబ్బందైందా తమ్ముడూ" అని ఒక్కసారే అడగండి.