జేఈఈ మెయిన్ స్క్రీన్‌షాట్లు పంపితే మార్కులు లెక్కేసి ఇస్తామనేవాళ్లతో జాగ్రత్త

కర్నూలు నుంచి రాస్తున్నాను. జవాబుల కీలో తప్పుందని అభ్యంతరం చెప్పే ఛాలెంజ్ గడువు నిన్నటితో అయిపోయింది, కోపం ఇంకా తగ్గలేదు. మా చెల్లి జనవరి సెషన్ రాసింది. జేఈఈ వాళ్ల టెలిగ్రామ్ గ్రూపు ఒకదానిలో ఒకతను ఉన్నాడు, మనం పెట్టిన జవాబులుండే రెస్పాన్స్ షీట్, కీ స్క్రీన్‌షాట్లు పంపితే 300 రూపాయలకు లెక్క చేసి ఇస్తానంటాడు. చెల్లి టెన్షన్ చూడలేక పంపించేశాను.

గంటలో లెక్క వచ్చింది. కరెక్ట్ 36, తప్పు 31, వదిలేసినవి 14, మొత్తం 113 మార్కులు. చెల్లి 130 దాటుతుందని అనుకుంటోంది, ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడే ఫోన్ చేసి "అక్కా, 5 ప్రశ్నలకు కీ తప్పు, ఛాలెంజ్ వేస్తే ఒక్కోదానికి 5 చొప్పున 25 పెరుగుతాయి" అన్నాడు. మైనస్ 1 పోయి ప్లస్ 4 వస్తే తేడా 5 అన్నమాట నిజమే కాబట్టి నమ్మకం కలిగింది. ప్రశ్నకు ఫీజు 200, అంటే మొత్తం 1000. తనే వేస్తానంటే డబ్బుతో పాటు చెల్లి లాగిన్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చాను. ఇది నా తప్పే, ఎవరి మీదా వెయ్యను.

నిన్న సాయంత్రం రసీదు అడిగాను. జవాబు లేదు. నేనే లాగిన్ అయి చూస్తే ఒక్క ఛాలెంజ్ కూడా వేసి లేదు. మళ్లీ ఫోన్ చేస్తే, అంతసేపూ అక్కా అక్కా అన్నవాడు "చదువుకున్నదానివే కదా, నీ చెల్లెలి మార్కులు నువ్వే లెక్కపెట్టుకోవాల్సింది, నన్నెందుకు అడుగుతావు" అని పెట్టేసి నన్ను బ్లాక్ చేశాడు. పక్కనే చెల్లి వింటోంది. డబ్బు పోయినదానికంటే ఆ మాటే నాకు ఎక్కువ బాధ.

రాత్రి ఇద్దరం కూర్చుని మొదటి నుంచి లెక్కపెట్టాం. అతను ఇచ్చిన 36, 31, 14 కూడితే 81 వస్తుంది. పేపర్లో ఉన్నవే 75 ప్రశ్నలు! ఇది ఆ రోజే కూడి చూసి ఉంటే అక్కడే ఆగిపోయేవాళ్లం. స్క్రీన్ జరుపుతూ షాట్లు తీస్తే ఒకదాని కింద ఉన్న ప్రశ్న తర్వాతి దాని పైన మళ్లీ వస్తుంది కదా, అలా ఆరు ప్రశ్నలు రెండుసార్లు లెక్కలోకి వెళ్లాయి.

కీ తప్పన్న ఆ అయిదు ప్రశ్నల సంగతి ఇంకా ఘోరం. ఒకటి చెప్తాను. చెల్లి షీట్‌లో `Chosen Option : 1` అని ఉంది. కీలో ఇచ్చిన సరైన జవాబు ఐడీ చివరి అంకెలు 73. ఆ ప్రశ్న ఆప్షన్ల ఐడీలు 71, 72, 73, 74 కాబట్టి 73 అంటే మూడోది అనుకుని తప్పు వేశాడు. కానీ ఆప్షన్ల వరుస ఒక్కొక్కరి స్క్రీన్ మీద ఒక్కోలా మారుతుంది. చెల్లి షీట్‌లో ఇలా ఉంది:

```
Option 1 ID : ...73
Option 2 ID : ...71
Option 3 ID : ...74
Option 4 ID : ...72
```

అంటే ఆమె పెట్టింది 73 నే, కీ చెప్పేదీ 73 నే. మిగతా నాలుగూ ఇంతే. మాకు అప్పటికే మార్కులు వచ్చిన ప్రశ్నల మీద ఛాలెంజ్ వేయిస్తానని డబ్బు తీసుకున్నాడు.

మా లెక్క: కరెక్ట్ 39, తప్పు 22, వదిలినవి 14, కూడితే సరిగ్గా 75.

```
4 × 39 − 22 = 134
```

రేపు రిజల్ట్‌లో ఇది బయటపడుతుందిలే అనుకోవద్దు, స్కోర్‌కార్డులో వచ్చేది పర్సంటైల్, ఈ మార్కులు కావు. అందుకే ముందే సరిగ్గా లెక్కపెట్టుకోవాలి. ఛాలెంజ్ ఫీజు కూడా తిరిగి రాదు. నిజంగా కీ తప్పై ఎవరి ఛాలెంజ్‌తోనైనా మారితే ఆ మార్పు అందరికీ వర్తిస్తుంది, కాబట్టి తప్పని గట్టిగా తెలిసినదానికి తప్ప వేయకండి.

షాట్లు వద్దు, షీట్ మొత్తం పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోండి. `Chosen Option` నంబరు చూసి, ఆ నంబరు ఎదురుగా ఉన్న ఐడీని రాసుకుని, దాన్నే `Question ID` ప్రకారం కీతో పోల్చండి. న్యూమరికల్ ప్రశ్నల్లో తప్పుకు కూడా మైనస్ 1 ఉంది, దాన్ని మరిచిపోకండి. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, మాది రాత్రే మార్చేశాం.