బిజినెస్ లా సంఘటన కార్డులు, ఎనిమిది నెలలు వాడాక: మూలనున్న ఆ ఒక్క లైను

ఈ కార్డుల మీద నాకు ఒకటే కోపం. ప్రతి కార్డుకీ పైన ఎడమ మూలలో అధ్యాయం పేరు అచ్చు వేశారు. ఆ ఒక్క లైను వల్ల నా ఐదు నెలల చదువు సగానికి సగం ఉత్తిదయింది. ఆ సంగతి ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేదనిపించి ఇది రాస్తున్నాను.

సీఏ ఫౌండేషన్ లా పేపర్ కోసం కొన్నాను. క్లాసు నోట్సునే చిన్న చిన్న సంఘటనలుగా మార్చిన కార్డులివి. ముందువైపు నాలుగైదు లైన్ల కథ ఉంటుంది. ఏ రూల్ వర్తిస్తుందో మనం నోటుబుక్కులో రాసుకుని, ఆ తర్వాతే వెనక్కి తిప్పి చూడాలి. నేను ఉప్పల్‌లో ఉంటాను, క్లాసు హిమాయత్‌నగర్‌లో. పొద్దున బస్సులో పదిహేను, సాయంత్రం పదిహేను కార్డులు అయ్యేవి. ముప్పైలో ఇరవై ఆరు, ఇరవై ఏడు కరెక్టయ్యేవి. నోట్సు పదిసార్లు చదివినా రాని ధైర్యం వాటితో వచ్చింది. మూడో నెలలో ఫ్రెండ్స్‌ ఇద్దరితో కూడా కొనిపించాను.

ఐదో నెలలో క్లాసులో టెస్టు పెట్టారు. సేల్ ఆఫ్ గూడ్స్ నుంచి ఐదు మార్కుల ప్రశ్న. మలక్‌పేట గంజ్‌లో ఒక వ్యాపారి తన కొట్లో ఉన్న మిర్చి బస్తాలన్నీ చూపించి, మొత్తం సరుకు కిలో ఇంత అని అమ్మాడు. బస్తాలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. కొన్నవాడు మర్నాడు తన గోడౌన్‌కి తీసుకెళ్లి, అక్కడ తనే కాటా వేసుకుని, ఆ లెక్కన డబ్బు కట్టాలి. ఆ రాత్రే కొట్టు తగలబడింది. నష్టం ఎవరిది?

కాటా అన్న మాట కనపడగానే నేను సెక్షన్ 22 రాసేశాను. తూకం కాలేదు కాబట్టి సరుకు ఇంకా అమ్మినవాడిదే, నష్టం కూడా అతనిదే అని పేజీ నిండా రాశాను. ఒక్క మార్కు వచ్చింది.

పేపరు పట్టుకుని పక్క గదిలో ఉండే అక్క దగ్గరికెళ్లాను. ఆవిడ సీఏ ఇంటర్మీడియట్ గ్రూపులు రాస్తోంది. ప్రశ్న ఒక్కసారి చదివి, "కాటా ఎవరు వెయ్యాలని ఉందే ఇందులో?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కాటా ఉందని చూశాను గానీ ఎవరు వెయ్యాలో చూడనే లేదు.

ధర తేలడానికి తూకమో కొలతో వెయ్యాల్సిన పని అమ్మేవాడి మీద ఉంటేనే సెక్షన్ 22 వస్తుంది. అప్పుడు ఆ పని పూర్తయి, ఆ సంగతి కొన్నవాడికి తెలిసేదాకా సరుకు మీద హక్కు మారదు. ఇక్కడ కాటా వేసుకునేది కొన్నవాడు. అమ్మినవాడు చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదు. ఫలానా సరుకని తేలిపోయింది, ఇవ్వడానికి సిద్ధంగా ఉంది, ఒప్పందానికి షరతు లేదు. కాబట్టి సెక్షన్ 20 ప్రకారం ఒప్పందం కుదిరిన క్షణంలోనే హక్కు కొన్నవాడికి వెళ్లిపోయింది. డబ్బు రేపు కట్టినా, సరుకు రేపు తీసుకున్నా తేడా లేదు. వేరే మాట అనుకోకపోతే హక్కు ఎవరిదో నష్టమూ వాళ్లదే అని సెక్షన్ 26 చెబుతుంది. కాబట్టి కాలిపోయింది కొన్నవాడి మిర్చి.

ఆ రాత్రి కార్డులన్నీ పరుపు మీద పరిచి చూశాను. కాటా ఉన్న కార్డు మొత్తం కట్టలో ఒక్కటే ఉంది, అందులో వేసేది అమ్మేవాడే. దాని మూలన "యాజమాన్య బదిలీ" అని అధ్యాయం పేరు. అంటే కథ చదవకముందే నాకు రూల్ 20 నుంచి 24 లోపే అని తెలిసిపోయేది. మిగిలిన ఒక్క మాటతో అంకె పట్టేసేదాన్ని. ఇన్ని నెలలు కథ చదివి రూల్ కనుక్కుంటున్నానని అనుకున్నాను. నిజానికి మూల చూసి అంకె చెబుతున్నాను. పరీక్ష పేపర్లో అధ్యాయం పేరు ఉండదు.

మర్నాడు తెల్ల స్టిక్కర్లు కొనుక్కొచ్చి ఆ మూలలన్నీ మూసేశాను. కాంట్రాక్టు, సేల్ ఆఫ్ గూడ్స్, పార్ట్‌నర్‌షిప్ అన్నీ పేకల్లా కలిపేశాను. ఆ రోజు ముప్పైలో పదమూడే కరెక్టయ్యాయి. చాలా బాధేసింది, కానీ నాకు నిజంగా వచ్చింది అంతే.

తర్వాత టెస్టులో వచ్చిన మిర్చి ప్రశ్నకి నేనే తోడు కార్డులు రాసుకున్నాను. ఒక్కోదాంట్లో ఒక్క విషయమే మార్చాను. మొదటిదాంట్లో కిలో లెక్క తీసేసి, మొత్తం సరుకు లక్షా ఇరవై వేలకి అన్నాను. తూకంతో పనే లేదు, నష్టం కొన్నవాడిదే. రెండోదాంట్లో కాటా అమ్మేవాడు వెయ్యాలి, ఇంకా వెయ్యలేదు. నష్టం అమ్మినవాడిది. మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టం: అమ్మేవాడు సాయంత్రం ఆరుకి కాటా వేసేశాడు, కొన్నవాడికి చెప్పలేదు, తొమ్మిదికి నిప్పంటుకుంది. తూకం అయిపోయింది కదా అనిపిస్తుంది, కానీ కబురు అందలేదు కాబట్టి ఇక్కడా నష్టం అమ్మినవాడిదే. నాలుగోదాంట్లో కొట్లో ఉన్న వంద బస్తాల్లో ఏవో పది కొన్నాడు, ఇంకా ఆ పదీ విడదీయలేదు. ఏ బస్తాలో తేలనిదే హక్కు మారదు, నష్టం మళ్లీ అమ్మినవాడిదే.

ఈ నాలుగూ పాత కాటా కార్డుతో కలిపి వాడటం మొదలుపెట్టాక, తిప్పే ముందు మూడు విషయాలు రాయడం అలవాటు చేసుకున్నాను: ఏ రూల్, కథలో ఏ మాట వల్ల ఆ రూల్ వచ్చింది, ఏ మాట మారితే జవాబు తిరగబడుతుంది. మూడోది రాయలేకపోతే, జవాబు కరెక్టయినా ఆ కార్డు తప్పుల కట్టలోకే. రెండు నెలల్లో కలిపిన కట్టలోనే ఇరవై మూడు, ఇరవై నాలుగు దాకా వచ్చాయి. ఒక్కో కార్డుకి పట్టే టైమ్ మాత్రం రెండింతలైంది, బస్సులో పదిహేను ఇక కుదరలేదు.

మొదట్లో వీటిని తెగ పొగిడాను కాబట్టి ఇంకో రెండు మాటలు చెప్పాలి. స్వీకృతి రద్దు మీదున్న ఒక కార్డులో ఉత్తరం పోస్టు చేసిన రోజు, రద్దు కబురు పంపిన రోజు ఉన్నాయి, అవి అవతలివాడికి చేరిన రోజులు మాత్రం లేవు. స్వీకృతి సంగతి ప్రతిపాదించినవాడికి తెలిసేలోపే రద్దు కబురు చేరిందా అన్నదే అక్కడ ప్రశ్న. ఆ రోజులు లేకుండా జవాబే తేలదు, అయినా వెనకాల "రద్దు చెల్లుతుంది" అని రాసేశారు. ప్రతిఫలం లేకపోయినా చెల్లే ఒప్పందాల మీద, అంటే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25 మినహాయింపుల మీద, రెండే కార్డులున్నాయి. ఆ మినహాయింపులన్నీ వరసగా రాయమంటే కార్డులు ఆదుకోవు, నేను నోట్సుకే వెళ్లాల్సి వచ్చింది.

లా పేపర్లో 64 వచ్చాయి. క్లాసులు మొత్తం విన్నాక, నోట్సు ఒకసారి పూర్తిగా చదివాక ఇవి మొదలుపెట్టాను కాబట్టి నాకు పనికొచ్చాయి. తప్పు చూపించడానికి పక్క గదిలో అక్క కూడా ఉంది. నేను కొనిపించిన ఇద్దరిలో ఒకమ్మాయి నోట్సు తెరవకుండా నేరుగా కార్డులతో మొదలుపెట్టి, నెలకే పక్కన పడేసింది. డబ్బు చూసుకోవాల్సిన వాళ్లు, చేతిరాతకి ఓపికున్న వాళ్లు తమ నోట్సు నుంచి తామే రాసుకోవచ్చు. నాకు ఒక్కో తోడు కార్డుకి పది నిమిషాలు పట్టింది, ఎక్కువ నేర్చుకుంది కూడా వాటితోనే. మా చెల్లి వచ్చే ఏడు రాస్తానంటోంది. కట్ట దానికే ఇస్తున్నాను, స్టిక్కర్లు పీకొద్దని చెప్పి.