రొయ్యల చెరువు గట్టు మీద MCP3208: ఒక్కో క్లాక్‌కు ఒక్కో బిట్

భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద పీహెచ్, ఆక్సిజన్, నీటి వేడి కొలిచే పెట్టెల్లో, సెన్సార్ వోల్టేజిని అంకెగా మార్చే ఈ చిప్‌ని చాలాకాలంగా వాడుతున్నాం. ఎనిమిది ఛానెళ్లు, 12 బిట్లు, ఎస్‌పీఐ కనెక్షన్. ఈ పనికి మంచి చిప్పే, మళ్లీ కొనమన్నా ఇదే కొంటాం. కాకపోతే లోపల అది ఎలా వెతుకుతుందో తెలిసినవాళ్ల చేతిలోనే సరిగ్గా పనిచేస్తుంది.

దాని పద్ధతి రాళ్లు వేసి తూచే కాటా లాంటిది. రాళ్ల బరువులన్నీ రెఫరెన్స్ వోల్టేజి నుంచే వస్తాయి; దాన్ని 4.096 వోల్టులు పెడితే ఒక్కో లెక్క ఒక మిల్లీవోల్టు అవుతుంది. పీహెచ్ ఆంప్లిఫయర్ నుంచి 2650.5 మిల్లీవోల్టులు వచ్చాయనుకుందాం. చిప్ ముందు ఆ వోల్టేజిని లోపలి చిన్న కెపాసిటర్‌లో పట్టి ఉంచుతుంది. మొదటి క్లాక్‌కు 2048 రాయి వేస్తుంది. సరుకే బరువు, కాబట్టి రాయి ఉంటుంది, బిట్ 1. తర్వాత 1024 కలిపితే 3072, ఎక్కువైంది, తీసేస్తుంది, బిట్ 0. 512 కలిపితే 2560, ఉంటుంది. 256, 128 రెండూ ఎక్కువే. 64 ఉంటుంది, 32 పోతుంది, 16, 8 ఉంటాయి, 4 పోతుంది, 2 ఉంటుంది, చివరి 1 పోతుంది. వచ్చింది 101001011010, అంటే 2650. పన్నెండు క్లాక్‌లు, పన్నెండు తీర్పులు. ఒకసారి ఇచ్చిన తీర్పును ఆ కన్వర్షన్‌లో మళ్లీ తిరగతోడదు. మంచైనా చెడైనా అక్కడి నుంచే వస్తుంది.

చెడు ఎలా కనిపిస్తుందో చూడండి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది, అప్పుడే ఏరేటర్లు ఆన్ చేస్తారు. రీడింగ్ కచ్చితంగా కావలసిన వేళకే మోటారు కుదుపు కూడా వస్తుంది. అసలు వోల్టేజి 2060 మిల్లీవోల్టులు ఉన్నప్పుడు వరసగా 2060, 2061, 2060 వచ్చి, మధ్యలో ఒక్కసారి 2047 కనబడుతుంది. ఆ 2047 ఊరికే వచ్చింది కాదు. మొదటి క్లాక్ వేళ రెఫరెన్స్ 24 మిల్లీవోల్టులకు మించి ఎగిరింది, 2048 రాయి బరువెక్కినట్టయి చిప్ దాన్ని తీసేసింది. ఆపైన మిగిలిన పదకొండు రాళ్లూ వేసినా చాలక అన్నీ ఉండిపోయాయి: 011111111111. అదే కుదుపు చివరి క్లాక్‌కు తగిలితే పోయేది ఒక్క లెక్కే. అందుకే లాగ్‌లో 2047, 2048 మాటిమాటికీ కనిపిస్తే ముందు రెఫరెన్స్‌ను అనుమానించండి. 15వ పిన్‌కు ఆనుకుని ఒక మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి, దాని గ్రౌండ్ కాలు 14వ పిన్‌కు పొట్టిగా వెళ్లాలి. సప్లైకి కూడా 16వ పిన్ దగ్గర అలాంటిదే ఇంకొకటి. ప్రోగ్రామ్‌లో సగటు తీయకండి, అది తప్పుడు అంకెను కూడా కలిపేసుకుంటుంది. ఐదు రీడింగులు తీసుకుని నడిమిది ఉంచుకోండి.

రెండో ఇబ్బంది పట్టి ఉంచడంలోనే. లోపలి కెపాసిటర్ 20 పికోఫారడ్లు, అది నిండటానికి చిప్ ఇచ్చే సమయం క్లాక్‌లో ఒకటిన్నర చుట్టు. 1 మెగాహెర్ట్జ్ దగ్గర అది 1.5 మైక్రోసెకన్లు. ఆంప్లిఫయర్ తర్వాత 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉంటే సగం లెక్కలోపు కుదురుకోవడానికి దాదాపు 2 మైక్రోసెకన్లు కావాలి. దాంతో ముందు చదివిన ఛానెల్ వోల్టేజి కొంత ఈ ఛానెల్‌లోకి అంటుకొస్తుంది. పక్క ఛానెల్‌ను ఒకసారి గ్రౌండ్‌కు, ఒకసారి రెఫరెన్స్‌కు కలిపి చూడండి, దీని అంకె కదిలితే కారణం ఇదే. క్లాక్‌ను 500 కిలోహెర్ట్జ్‌కు దించితే చాలు, 3 మైక్రోసెకన్లు దొరుకుతాయి.

అలాగని క్లాక్‌ను మరీ నెమ్మది చేయకూడదు. పట్టిన చార్జి మెల్లగా కారిపోతుంది, వేడి పెరిగేకొద్దీ ఇంకా త్వరగా. 85 డిగ్రీల దగ్గర 1.2 మిల్లీసెకన్ల వరకే తయారీదారు హామీ. హార్డ్‌వేర్ ఎస్‌పీఐ వాడితే ఈ బాధ రాదు. పిన్‌లను ప్రోగ్రామ్‌తో ఒక్కొక్కటిగా ఆడించేచోట, ఆరో బిట్ అయ్యాక ఏదో ఇంటరప్ట్ వచ్చి ఐదారు మిల్లీసెకన్లు ఆపేస్తే, ముందు ఆరు బిట్లూ నిజమైన వోల్టేజికి, తర్వాతి ఆరూ కారిపోయిన వోల్టేజికి తీర్పు చెబుతాయి. రెండూ కలిసి చూడటానికి మామూలుగా ఉండే ఒక తప్పుడు అంకె తయారవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల కింద పెట్టె కాగినప్పుడే రీడింగ్ చెదిరి, రాత్రికి బాగుంటే ముందు దీన్ని చూడండి. సెలెక్ట్ పిన్ కిందికి దించే ముందు ఇంటరప్ట్‌లు ఆపి, చివరి బిట్ చదివాకే మళ్లీ వదలండి.