త్రీఎన్ఎఫ్ సింథసిసా, బీసీఎన్ఎఫ్ డీకంపోజిషనా? ఒక ట్యూషన్ హాజరు పట్టీతో తేల్చుకుందాం

గేట్‌కి చదివే పిల్లలు, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు, అందరూ తిప్పి తిప్పి అడిగేది ఇదే: "అన్నా, బీసీఎన్ఎఫ్ ఇంకా గట్టిది కదా, మరి మినిమల్ కవర్ తీసి త్రీఎన్ఎఫ్ సింథసిస్ చేసుకుంటూ కూర్చోవడం దేనికి?" ఇన్నాళ్ళూ ఏదో చెప్పి పంపించేవాణ్ణి. పోయిన నెల మా బావమరిది ట్యూషన్ సెంటర్‌కి హాజరు డేటాబేస్ చేసిపెట్టేటప్పుడు నేనే ఈ రెండిటి మధ్య ఇరుక్కున్నా, అందుకే అదే ముందు పెట్టుకుని చెప్తా. కీ, క్లోజర్, ఫంక్షనల్ డిపెండెన్సీ అంటే ఏంటో తెలుసనుకుని మొదలెడుతున్నా.

మావాడి దగ్గరున్నది ఒకే ఒక్క పెద్ద ఎక్సెల్ షీట్. ఒక్కో వరుస అంటే ఫలానా రోజు ఫలానా పిల్లాడు ఫలానా క్లాసుకి వచ్చాడు అని. కాలమ్స్ ఏడు: రోల్, పేరు, సబ్జెక్ట్, సార్, రూమ్, తేదీ, వారం. ఒక సబ్జెక్ట్‌కి ఇద్దరు ముగ్గురు సార్లుంటారు, కానీ ఒక సార్ చెప్పేది ఒకే సబ్జెక్ట్, కూర్చునేది ఒకే రూమ్‌లో. పిల్లాడికి ఒక సబ్జెక్ట్‌కి ఒకే సార్. ఈ చివరి రూల్ గుర్తుపెట్టుకోండి, గొడవంతా దాని దగ్గరే. వాణ్ణి ఫోన్‌లో అడిగి రాసుకున్న డిపెండెన్సీలు ఇవి:

```
రోల్ → పేరు
రోల్, సబ్జెక్ట్ → సార్
రోల్, సబ్జెక్ట్ → రూమ్
సార్ → సబ్జెక్ట్
సార్, సబ్జెక్ట్ → రూమ్
తేదీ → వారం
```

ముందు సింథసిస్ దారి. మొదటి పని మినిమల్ కవర్. కుడివైపు అన్నీ ఒక్కో కాలమే ఉన్నాయి కాబట్టి విడగొట్టే పని లేదు. ఎడమవైపు ఎక్కువైనవి ఏమైనా ఉన్నాయా అని చూడాలి. "సార్, సబ్జెక్ట్ → రూమ్"లో సబ్జెక్ట్ తీసేసి సార్ ఒక్కడి క్లోజర్ కడితే సబ్జెక్ట్ వస్తుంది, ఆ రెండూ కలిస్తే రూమ్ వచ్చేస్తుంది, అంటే అక్కడ సబ్జెక్ట్ దండగ, "సార్ → రూమ్" చాలు. మిగతా జతల్లో రోల్ ఒక్కటే తీసుకున్నా, సబ్జెక్ట్ ఒక్కటే తీసుకున్నా సార్ గానీ రూమ్ గానీ తేలరు కాబట్టి వాటిని ముట్టుకోం. తర్వాత మొత్తంగా అక్కర్లేనివి ఏరెయ్యాలి. "రోల్, సబ్జెక్ట్ → రూమ్"ని పక్కన పెట్టి రోల్, సబ్జెక్ట్‌ల క్లోజర్ కడితే సార్ వస్తాడు, సార్ నుంచి రూమ్ వస్తుంది, కాబట్టి అది అవుట్. ఇదే పరీక్ష మిగతావాటికి పెడితే ఒక్కటీ పోదు. మిగిలింది ఇంతే:

```
రోల్ → పేరు
రోల్, సబ్జెక్ట్ → సార్
సార్ → సబ్జెక్ట్
సార్ → రూమ్
తేదీ → వారం
```

ఈ స్టెప్ ఎగ్గొట్టి డైరెక్ట్‌గా టేబుల్స్ కట్టేసేవాళ్ళని చాలామందిని చూశా. ఏమవుతుందంటే, రూమ్ డిపెండెన్సీ అలాగే ఉండిపోయి రోల్, సబ్జెక్ట్, సార్, రూమ్ అని ఒక టేబుల్ తయారవుతుంది, అందులో సార్ నుంచి రూమ్ తేలుతోంది, సార్ కీ కాదు, రూమ్ ఏ కీలోనూ భాగం కాదు, అంటే అది అసలు త్రీఎన్ఎఫే కాదు. ఇంకోటి, ఎడమవైపు తగ్గించకపోతే సార్ల టేబుల్‌కి ప్రైమరీ కీ "సార్, సబ్జెక్ట్" అని పడుతుంది, అప్పుడు రమణ సార్‌ని ఫిజిక్స్‌కీ మ్యాథ్స్‌కీ రెండిటికీ రాసేసినా డేటాబేస్ కిమ్మనదు. సింథసిస్ చేశాను కదా త్రీఎన్ఎఫ్ రాలేదేంటి అని ఎవరైనా అంటే ముందు వాళ్ళ కవర్ చూడండి.

కవర్ చేతికొచ్చాక మిగతాది చకచకా అయిపోతుంది. ఎడమవైపు ఒకేలా ఉన్నవాటిని ఒక గుంపు చేసి గుంపుకో టేబుల్: (రోల్, పేరు), (రోల్, సబ్జెక్ట్, సార్), (సార్, సబ్జెక్ట్, రూమ్), (తేదీ, వారం). ఎడమవైపున్నదే ఆ టేబుల్‌కి కీ. ఒక టేబుల్ కాలమ్స్ అన్నీ ఇంకో టేబుల్‌లో ఉంటే చిన్నది తీసెయ్యాలి, ఇక్కడ అలాంటిదేం లేదు.

ఏడు కాలమ్స్ నాలుగు టేబుల్స్‌లో ఎక్కడో ఒకచోట ఉన్నాయి కదా అయిపోయిందనుకుని లేచిపోతారు చూడండి, అక్కడే దెబ్బ. షీట్‌లో రెండే వరుసలున్నాయనుకుందాం, 12 రోల్ పిల్లాడు జూన్ 2న రమణ సార్ ఫిజిక్స్ క్లాసుకొచ్చాడు, 15 రోల్ పిల్లాడు జూన్ 3న అదే క్లాసుకొచ్చాడు. ఈ నాలుగు టేబుల్స్‌ని మళ్ళీ జాయిన్ చేస్తే తేదీల టేబుల్‌కీ మిగతావాటికీ కలిసే కాలమే లేదు, ప్రతి తేదీ ప్రతి పిల్లాడితో జత కడుతుంది, నాలుగు వరుసలొస్తాయి. రాని రోజు కూడా హాజరు పడిపోయింది! పిల్లలకి పండగే గానీ మావాడు ఒప్పుకోడు. వరుసలు పెరిగాయి కదా, ఇందులో లాస్ ఏముంది అంటారు కొందరు. ఎవరు ఏ రోజు వచ్చారన్న సంగతే పోయింది, అదీ లాస్.

అందుకే చివరి స్టెప్: మొత్తం రిలేషన్‌కి కీ ఏదో కనుక్కుని అది ఏ టేబుల్‌లోనూ పూర్తిగా లేకపోతే దానికో టేబుల్ కలపాలి. ఇక్కడ రోల్, సబ్జెక్ట్, తేదీ మూడూ కలిస్తే అన్నీ తేలతాయి. రోల్, సార్, తేదీ కూడా కీయే, రెండిట్లో ఏది పెట్టినా నడుస్తుంది, నేను మొదటిది పెట్టా. ఐదో టేబుల్ (రోల్, సబ్జెక్ట్, తేదీ), చూస్తే అదే అసలైన హాజరు పట్టీ. 1976లో బెర్న్‌స్టీన్ సింథసిస్ రాసినప్పుడు ఈ స్టెప్ లేదు, 1979లో బిస్కప్, దయాళ్‌లతో కలిసి రాసిన పేపర్‌తో లాస్‌లెస్ కోసం వచ్చి చేరింది. మరి మనవాళ్ళు మర్చిపోవడంలో వింతేముంది లెండి.

ఇప్పుడు బీసీఎన్ఎఫ్ దారి. ఇక్కడ కవర్ గివర్ లేదు, పెద్ద టేబుల్ పట్టుకుని, ఎడమవైపున్నది ఆ టేబుల్‌కి కీ కాని డిపెండెన్సీ దొరికినప్పుడల్లా రెండుగా చీల్చుకుంటూ పోవడమే. రోల్ → పేరు దగ్గర ఒక చీలిక, తేదీ → వారం దగ్గర ఇంకోటి, సార్ → సబ్జెక్ట్, రూమ్ దగ్గర మూడోది. చివరికి (రోల్, పేరు), (తేదీ, వారం), (సార్, సబ్జెక్ట్, రూమ్), (రోల్, సార్, తేదీ). నాలుగే టేబుల్స్, అన్నీ బీసీఎన్ఎఫ్, లాస్‌లెస్ కూడా. సార్ చెప్పే సబ్జెక్ట్ ఒకే ఒక్కచోట ఉంటుంది. నిజం చెప్పాలంటే చూడ్డానికి సింథసిస్ కన్నా ముచ్చటగా ఉంది, నేనూ మొదట ఇదే పెడదామనుకున్నా.

పెట్టి చూశా కూడా. 12 రోల్ పిల్లాడికి జూన్ 2న రమణ సార్‌తో, జూన్ 3న శ్రీను సార్‌తో హాజరు వేశా, ఇద్దరూ ఫిజిక్సే. రెండూ హాయిగా ఎక్కాయి! "పిల్లాడికి సబ్జెక్ట్‌కి ఒకే సార్" అన్న రూల్ గాల్లో కలిసిపోయింది. రోల్, సబ్జెక్ట్, సార్ మూడూ ఒక టేబుల్‌లో కలిసి లేవు కాబట్టి దాన్ని ఏ కీ పెట్టీ ఆపలేం. చీల్చే వరస మార్చినా లాభం లేదు, ఆ మూడూ ఒకచోట ఉంటే సార్ → సబ్జెక్ట్ అన్నది బీసీఎన్ఎఫ్‌ని చెడగొడుతుంది, చీల్చక తప్పదు, చీలిస్తే రూల్ పోతుంది. ట్రిగ్గర్ రాసుకోవచ్చు కదా అంటారు. రాయొచ్చు, కానీ ప్రతి ఇన్సర్ట్‌కీ ఒక జాయిన్, పైగా ఇద్దరు క్లర్కులు ఒకే క్షణంలో ఎంట్రీ కొడితే రీడ్ కమిటెడ్‌లో ఒకరి వరుస ఇంకొకరి ట్రిగ్గర్‌కి కనపడదు, రెండూ ఎక్కేస్తాయి. లాక్ పెట్టాలి, లేకపోతే సీరియలైజబుల్‌కి వెళ్ళాలి. సింథసిస్‌లో ఇదే పని ఒక ప్రైమరీ కీ చేసేస్తుంది.

నా మటుకు తేల్చేది ఈ ఒక్క పాయింటే. రెండూ లాస్‌లెస్సే, కానీ రూల్స్ అన్నీ ఒక్కో టేబుల్ లోపలే చెక్ అయ్యేలా ఉంచుతానని మాటిచ్చేది సింథసిస్ ఒక్కటే.

అలాగని సింథసిస్‌కి మచ్చ లేదని కాదు. (రోల్, సబ్జెక్ట్, సార్)లో రమణ సార్ దగ్గర 40 మంది ఉంటే రమణ-ఫిజిక్స్ అన్న ముక్క 40 సార్లు ఉంటుంది. సబ్జెక్ట్ ఒక కీలో భాగం కాబట్టి త్రీఎన్ఎఫ్ దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. ఒకచోట ఫిజిక్స్, ఇంకోచోట మ్యాథ్స్ అని పడే ప్రమాదం ఉంది, దానికి నేను పెట్టిన కట్టు ఇది:

```sql
create table sir (
  sir_id  int primary key,
  subject text not null,
  room    text,
  unique (sir_id, subject)
);
create table batch (
  roll    int,
  subject text,
  sir_id  int not null,
  primary key (roll, subject),
  foreign key (sir_id, subject)
    references sir (sir_id, subject)
);
```

ఆ unique చూసి sir_id ఎలాగూ ప్రైమరీ కీ కదా మళ్ళీ ఇదెందుకు అంటారు. ఫారిన్ కీ ఆ రెండు కాలమ్స్‌నీ కలిపి చూపించాలంటే అది కావాలి. ఇక batchలో రమణ సార్ పక్కన మ్యాథ్స్ రాయబోతే తిప్పికొడుతుంది. ముక్క 40 సార్లు ఉంటుంది గానీ 40 చోట్లా ఒకేలా ఉంటుంది. రేపు రమణ సార్ నిజంగానే మ్యాథ్స్‌కి మారితే sir టేబుల్‌లో ఊరికే మార్చనివ్వదు, ముందు ఆ 40 మంది సంగతి తేల్చమంటుంది. మావాడు దీని మీద కాసేపు గొణిగాడు కానీ, నిజానికి తేల్చాల్సిన విషయమే అది, ఆ పిల్లల్లో కొందరికి ఆల్రెడీ మ్యాథ్స్ సార్ వేరే ఉన్నాడు కదా. హాజరు టేబుల్ నుంచి రోల్, సబ్జెక్ట్‌లని batchకి ఇంకో ఫారిన్ కీతో కట్టేశా, దాంతో ఏ క్లాసుకొచ్చినా సార్ ఎవరన్నది batch ఒక్కటే చెబుతుంది.

ఈ రెండు దారులూ కాక ఇంకో రెండిటి గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఫస్ట్, సెకండ్, థర్డ్ అని మెట్లెక్కుతూ చేతితో చీల్చడం పరీక్షలో మార్కులకి సరిపోతుంది, ఏ డిపెండెన్సీ పోయిందో విడిగా చూసుకోవాలి. ఒకే టేబుల్ అలాగే ఉంచేయడం రిపోర్టులకైతే ఓకే, రోజూ ఎంట్రీ కొట్టే చోట వద్దు.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి, కీలు ఇలా ఒకదాని మీద ఒకటి పడే కేసులు రోజూ తగలవు. నేను చేసేది ఏంటంటే ముందు సింథసిస్ చేసి, వచ్చిన ఒక్కో టేబుల్ బీసీఎన్ఎఫ్‌లో ఉందా అని చూస్తా. ఇక్కడ ఐదింట్లో నాలుగు ఉన్నాయి, batch ఒక్కటే లేదు. అన్నీ ఉంటే ఇంక పేచీయే లేదు, రెండు దారుల లాభమూ దొరికినట్టే. లేని టేబుల్ దగ్గర మాత్రం ఆగి, చీలిస్తే ఏ రూల్ పోతుందో ఆ షాపువాడినో స్కూలువాడినో అడుగుతా. మావాణ్ణి అడిగితే "ఆ రూల్ పోతే ఎలా బావా, సార్లకి జీతం తల లెక్కనే కదా ఇచ్చేది" అన్నాడు. batchని చీల్చలేదు.