మూడు వారాలుగా హెచ్‌ఆర్ ఉలుకూ పలుకూ లేదా? మెయిలా, ఫోనా: నా రివ్యూ

ఇంటర్వ్యూ అయ్యాక కబురు కోసం హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలు మారిన ప్రతిసారీ రెండూ వాడి చూశాను కాబట్టి చెప్తున్నా, మూడో మెయిల్ కంటే ఒక ఫోన్ మేలు, కానీ అన్ని చోట్లా కాదు. నేను చూసేది ఒక్కటే: ముందు ఆ కంపెనీ వాళ్లెవరైనా నాకు ఫోన్ చేశారా? పోర్టల్‌లో అప్లై చేసి వదిలేసిన ఉద్యోగానికి ఫోన్ దండగ, రిసెప్షన్ దాటదు. అదే ఫైనల్ రౌండ్ అయ్యాక హెచ్‌ఆర్ తన మొబైల్ నుంచే జీతం మాట్లాడి, మూడు నెలల పేస్లిప్పులు కూడా తీసుకుని మాయమైతే మాత్రం మొహమాటం అక్కర్లేదు.

పోయినసారి సరిగ్గా ఇదే జరిగింది. రెండు మెయిళ్లకూ జవాబు లేదు, బౌన్స్ కూడా కాలేదు, నచ్చలేదేమో అనుకున్నా. ఫోన్ చేస్తే ఆవిడ "నేను కంపెనీ మారానండీ, మీ ఫైల్ ఇప్పుడు ఎవరు చూస్తున్నారో కనుక్కుంటా" అని సాయంత్రానికి ఒక పేరు పంపింది. అప్పటిదాకా నా మెయిళ్లు ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లో పడుతున్నాయన్నమాట! ఇంకెన్ని మెయిళ్లు పెట్టినా ఈ సంగతి తెలిసేది కాదు.

ఫోన్ చేసేటప్పుడు సోమవారం పొద్దున వద్దు, మీటింగుల్లో ఉంటారు. నాకైతే వారం మధ్యలో పదకొండు దాటాక బాగా దొరికారు. ముందు "ఫలానా రోల్ ఫైనల్ రౌండ్ గురించి రెండు నిమిషాలు మాట్లాడొచ్చా" అని మెసేజ్ పెట్టండి, తెలియని నంబర్ అని కట్ చేయరు. ఇక "అప్‌డేట్ ఉందా అండీ" అని అడిగితే "ఫీడ్‌బ్యాక్ రావాలండీ" అనేసి పెట్టేస్తారు. "పొజిషన్ ఓపెన్‌గానే ఉందా, హోల్డ్‌లో పెట్టారా? జీతం అప్రూవల్ దగ్గర ఆగిందా?" అని అడగండి, ఏదో ఒకటి చెప్పక తప్పదు. చేతిలో నిజంగా వేరే ఆఫర్ ఉంటే దానికి ఏ తేదీలోగా జవాబివ్వాలో చెప్పండి. లేని ఆఫర్ చెప్తే లెటర్ చూపించమంటారు, అక్కడ దొరికిపోతారు.

మైనస్ ఏంటంటే, ఫోన్‌తో పని వేగం పెరగదు. మనకంటే ముందు ఆఫర్ అందుకున్న మనిషికి తొంభై రోజుల నోటీస్ ఉంటే, అతను చేరతాడో లేదో తేలేదాకా మనల్ని బ్యాకప్‌గా ఉంచుతారు, ఆ మాట మాత్రం పైకి చెప్పరు. "వచ్చే వారం చెప్తాం" అన్నది రెండుసార్లు జరిగిపోతే నేను దాన్ని బ్యాకప్ లెక్కలోనే వేసుకుంటా, మిగతా ఇంటర్వ్యూలు ఆపను.

ఐదుకు నాలుగు ఇస్తా. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానంటే, ఫోన్లో చెప్పిన మాటకు ఆధారం ఉండదు. అందుకే పెట్టేయగానే పాత మెయిల్ థ్రెడ్‌లోనే "ఇందాక మీరు చెప్పినట్టు..." అని రెండు లైన్లు రాసేస్తా. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవాళ్లు మాత్రం కంపెనీకి కాదు, కన్సల్టెన్సీ వాళ్లకే ఫోన్ చేయండి.